జాతీయ సంస్మరణ మతమా, అభిమానం మతమా? నిర్వచనంతో తేల్చుకోవడం ఎలా

"వేలమంది ఒకచోట చేరి, గంట కొట్టగానే తలదించుకుని మౌనంగా నిలబడితే అది మతం కాకపోతే మరేమిటి?" "సినిమా హీరో సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించేవాళ్లది మాత్రం భక్తి కాదా?" ఈ రెండు ప్రశ్నలూ ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటాయి. సమాజశాస్త్రం చదివేవాళ్లు అడుగుతారు, వ్యాసం రాయాల్సినవాళ్లు అడుగుతారు, ఏదో వాదనలో ఇరుక్కుని బయటపడలేనివాళ్లు కూడా అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పేకన్నా, ఎవరికివారే తేల్చుకునే పద్ధతి రాసిపెడితే మేలనిపించింది.

ఒక మాట ముందే. ఈ పని పూర్తయ్యాక మీ చేతికి ఒక్క ముక్కలో "అవును" గానీ "కాదు" గానీ రాదు. ఏ నిర్వచనం ప్రకారం అవును, ఏ ప్రశ్న దగ్గర జవాబు మారిపోయింది అన్నది వస్తుంది. "అయితే ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకోవచ్చన్నమాట" అని తేల్చేయకండి. నిర్వచనం ఎంచుకునేదాకానే మీకు స్వేచ్ఛ. ఎంచుకున్నాక జవాబు మీ ఇష్టం కాదు.

ఉదాహరణకు మొదటినుంచి చివరిదాకా ఒకే జతను తీసుకుంటున్నాను. ఒకటి, లండన్‌లోని వైట్‌హాల్ వీధిలో సెనోటాఫ్ అనే యుద్ధ స్మారకం దగ్గర ఏటా నవంబర్ రెండో ఆదివారం జరిగే సంస్మరణ. రెండోది, అమెరికాలో మెంఫిస్ నగరంలోని గ్రేస్‌లాండ్‌లో గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ అభిమానులు ఏటా ఆగస్టు 15 రాత్రి చేసే కొవ్వొత్తుల జాగరణ. రెండూ చనిపోయినవాళ్లను తలచుకునేవే, రెండూ ఏడాదికోసారి వచ్చేవే. ఒకటి రాజ్యం నడుపుతుంది, ఇంకొకటి అభిమానుల కోసం జరుగుతుంది. ఒకటి మతమని, మరొకటి కాదని అనాలంటే ఆ తేడా ఎక్కడుందో చూపించక తప్పదు. అందుకే ఈ జత.

ఏమేం కావాలి

- ఒకే ఒక్క కార్యక్రమం, అందులో ఏది తర్వాత ఏది జరుగుతుందో చెప్పే వరుస
- మూడు రకాల నిర్వచనాలు (మూడో అడుగులో ఇస్తాను)
- కొలత సరిచూసుకోవడానికి రెండు కేసులు: తప్పకుండా మతమే అనిపించేది ఒకటి, తప్పకుండా కాదనిపించేది ఒకటి
- మీరు రాసింది చదివి, విడిగా జవాబులు రాసిపెట్టే మరో మనిషి

ఆ నాలుగోదాన్ని చాలామంది వదిలేస్తారు. దొరక్కపోతే మీరే వారం ఆగి, పాత జవాబులు చూడకుండా మళ్లీ చేయండి. దానంత బాగా పనిచేయదు గానీ, ఏమీ లేకపోవడం కన్నా నయం.

1. ప్రశ్నను చిన్నది చేయండి

"దేశభక్తి మతమా?" అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఎక్కడికీ చేరరు. దేశభక్తిలో పన్ను కట్టడం ఉంది, క్రికెట్ ఉంది, సైన్యం ఉంది. ఒక్క కార్యక్రమాన్ని పట్టుకోండి. "అభిమానం మతమా?" అన్నదీ అంతే. పాట విని ఊరుకునేవాడినీ, ఏటా ఖర్చు పెట్టుకుని సమాధి దగ్గరికి వెళ్లేవాడినీ ఒకే గాటన కట్టలేం.

తర్వాత, ఈ జవాబు మీకెందుకు కావాలో ఒక వాక్యంలో రాసుకోండి. ఇది లాంఛనం కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2001 జనాభా లెక్కల్లో 3,90,000 మందికి పైగా తమ మతం "జెడాయ్" అని రాశారు. అది స్టార్ వార్స్ సినిమాల్లోని యోధుల పేరు. లెక్కల ఫారంలో మతం అన్న గడి ఉంది, వాళ్లు దాన్ని నింపారు, అంతే. కానీ ఒక జెడాయ్ సంస్థ ధార్మిక సంస్థగా నమోదు కావాలని అడిగినప్పుడు, అక్కడి చారిటీ కమిషన్ 2016 డిసెంబర్‌లో కుదరదంది. ఆ చట్టం ప్రకారం దేవుడిపై నమ్మకం లేనిది కూడా మతం కావచ్చు. అయినా జెడాయ్ ఆ గీత దాటలేదు. గడి నింపడానికి ఒక కొలత, పన్ను రాయితీ ఇవ్వడానికి ఇంకో కొలత. మీ అవసరం ఏమిటో రాసుకోకపోతే ఈ రెండు కొలతల మధ్య తెలియకుండానే జారిపోతారు.

మన ఉదాహరణలో అవసరం ఇది: రెండు సంస్మరణలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం. కోర్టూ లేదు, పన్నూ లేదు.

2. జరిగేదాన్ని మతం మాటలు లేకుండా రాయండి

ఎక్కువ తప్పులు జరిగేది ఈ అడుగులోనే, కాబట్టి తొందరపడకండి. పవిత్రం, పూజ, ఆరాధన, భక్తులు, తీర్థయాత్ర, మందిరం, నైవేద్యం అన్న మాటలు ఇక్కడ వాడకూడదు. "అభిమానులు తమ దేవుడి సన్నిధికి తీర్థయాత్ర చేస్తారు" అని రాశారంటే పరీక్ష పెట్టకముందే ఫలితం రాసేసినట్టే. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది: "ఉత్త లాంఛనం", "వట్టి పిచ్చి", "కేవలం వేడుక". ఆ మాటలు కూడా జవాబును లోపలికి దొంగచాటుగా తెచ్చేవే.

సెనోటాఫ్ గురించి ఇలా రాయొచ్చు:

"వీధి మధ్యలో తెల్లటి పోర్ట్‌లాండ్ రాతి కట్టడం. లోపల ఎవరి శరీరమూ లేదు. లుట్యెన్స్ అనే ఆర్కిటెక్ట్ రూపొందించాడు. 1919 జులైలో విజయోత్సవ కవాతు కోసం చెక్కతో, ప్లాస్టర్‌తో తాత్కాలికంగా కట్టారు. 1920 నవంబర్ 11న రాతిది ఆవిష్కరించారు. కట్టడం మీద శిలువ లేదు. మహిమాన్వితులైన మృతులు అన్న అర్థం వచ్చే మాటలు చెక్కి ఉన్నాయి. సంస్మరణ ఆదివారం నాడు సరిగ్గా 11 గంటలకు గడియారం మోగుతుంది, పక్కనున్న మైదానంలో ఫిరంగి పేలుతుంది. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడరు, కదలరు. మళ్లీ ఫిరంగి. బ్యూగుల్ ఊదుతారు. రాజు ఎర్ర గసగసాల పూల చక్రం ఉంచుతాడు, తర్వాత నాయకులు. లండన్ బిషప్ చిన్న ప్రార్థన నడుపుతాడు, ఒక కీర్తన పాడతారు. జాతీయ గీతం అవుతుంది. మాజీ సైనికులు వరసలుగా నడిచివెళ్తారు."

గ్రేస్‌లాండ్ గురించి ఇలా:

"ఎల్విస్ 1977 ఆగస్టు 16న ఈ ఇంట్లోనే చనిపోయాడు. సమాధి ఇంటి పక్క తోటలో ఉంది. 1982 నుంచి ఇల్లు సందర్శకులకు తెరిచి ఉంది, టికెట్ ఉంటుంది. వర్ధంతికి ముందు రోజు రాత్రి జనం గేటు దగ్గర చేరతారు. కొవ్వొత్తులు పట్టుకుని, వరుసగా దారి వెంట పైకి నడిచి, సమాధి పక్కగా వెళ్లి, తిరిగి దిగివస్తారు. కొందరు పూలు, బొమ్మలు, చేత్తో రాసిన కాగితాలు వదిలి వెళ్తారు."

సరిగ్గా రాశారా లేదా అని చూసుకోవడం తేలిక. ఇది మతమని గట్టిగా నమ్మేవాడికీ, కాదని గట్టిగా నమ్మేవాడికీ చూపించండి. ఇద్దరూ "అవును, జరిగేది ఇదే" అనాలి. ఒకరు ముఖం చిట్లించారంటే ఎక్కడో ఒక మాట ఎక్కువైంది.

3. మూడు నిర్వచనాలను ప్రశ్నలుగా మార్చండి

నిర్వచనాన్ని నిర్వచనంగానే ఉంచితే దాన్ని ఎటైనా సాగదీయొచ్చు. అవును, కాదు అని జవాబు చెప్పగల ప్రశ్నలుగా మార్చితేనే పనికొస్తుంది. మూడూ వేర్వేరు జాతులవి అయి ఉండాలి. ఒకే జాతి నిర్వచనాలు మూడు తీసుకుంటే ఒకే జవాబు మూడుసార్లు వస్తుంది.

మొదటిది, మతంలో ఏముందో చూసేది. 1871లో మానవశాస్త్రవేత్త టైలర్ మతమంటే అలౌకిక జీవుల మీద నమ్మకం అన్నాడు. 1966లో మరో మానవశాస్త్రవేత్త స్పైరో దాన్ని కాస్త బిగించి, మనిషికి మించిన శక్తి ఉన్నవాళ్లతో ఒక సంస్కృతి నేర్పిన పద్ధతిలో వ్యవహరించే వ్యవస్థ అన్నాడు. ప్రశ్నలు రెండు. (అ) పాల్గొనేవాళ్లు అలాంటి ఎవరినైనా ఉద్దేశించి మాట్లాడతారా, వాళ్లు ఏదైనా చేస్తారని ఆశిస్తారా? (ఆ) ఆ భాగం తీసేస్తే ఈ కార్యక్రమం ఇంకా ఈ కార్యక్రమంగానే ఉంటుందా?

రెండోది, మతం ఏం చేస్తుందో చూసేది. 1912లో సమాజశాస్త్రవేత్త డర్క్‌హైమ్ ఇచ్చినది. మామూలు వాటినుంచి వేరుచేసి నిషేధాలతో కాపాడే వాటి చుట్టూ అల్లుకున్న నమ్మకాలూ ఆచారాలూ, వాటిని పాటించేవాళ్లను ఒకే నైతిక సమూహంగా కలిపేవి. ప్రశ్నలు మూడు. (అ) ముట్టుకోకూడని, నవ్వులపాలు చేయకూడని వస్తువో స్థలమో సమయమో ఉందా? (ఆ) దాని దగ్గర ఎలా మెలగాలో నియమాలున్నాయా? (ఇ) ఆ నియమాలు పాటించేవాళ్లకు ఒకరిపట్ల ఒకరికి బాధ్యత ఏర్పడుతుందా?

మూడోది, పోలికల జాబితా. మతాలను అధ్యయనం చేసిన నినియన్ స్మార్ట్ మతానికి ఏడు పార్శ్వాలు చెప్పాడు: ఆచారం, కథ, అనుభూతి, సిద్ధాంతం, నీతి, సంస్థ, భౌతిక వస్తువులు. ప్రతి పార్శ్వం గురించీ ఒక ప్రశ్న. ఎన్ని ఉంటే మతమంటారో ఆ అంకె ఇప్పుడే రాసిపెట్టండి, లెక్కపెట్టాక కాదు.

మానవశాస్త్రవేత్త గీర్ట్జ్ 1966లో ఇచ్చిన నిర్వచనం కూడా ప్రసిద్ధమే. మొదటిసారి చేసేవాళ్లు దాని జోలికి పోకండి. బలమైన, చాలాకాలం నిలిచే మనోభావాలు కలిగించాలి అంటుంది. ఎదుటివాడి మనోభావం ఎంతకాలం నిలిచిందో కాగితం మీద కూర్చుని తేల్చలేం.

4. ముందు కొలతనే పరీక్షించండి

అసలు కేసు ముట్టుకునేముందు తెలిసిన రెండింటిమీద ప్రయోగించండి. త్రాసు సరిగ్గా ఉందో లేదో తెలిసిన రాయి వేసి చూసినట్టు. మతమే అనడంలో ఎవరికీ సందేహం లేని చర్చి ఆదివారం ఆరాధన ఒకటి. కాదనడంలో ఎవరికీ సందేహం లేని కంపెనీ వాటాదారుల వార్షిక సమావేశం ఒకటి.

టైలర్, డర్క్‌హైమ్ ఇద్దరూ వీటిని బాగానే విడదీస్తారు. చిక్కంతా స్మార్ట్ జాబితాతోనే. వాటాదారుల సమావేశానికి ఖాయమైన క్రమం ఉంది, కాబట్టి ఆచారం. వ్యవస్థాపకుడు చిన్న గదిలో మొదలుపెట్టిన కథ ఉంది. ప్రవర్తనా నియమావళి ఉంది. సంస్థ ఎటూ ఉంది. లోగో, భవనం ఉన్నాయి. అప్పుడే ఏడింటికి ఐదు. మీరు నాలుగు చాలనుకుని ఉంటే మీ కొలత కంపెనీని మతం చేసేసింది. అప్పుడు అంకె పెంచాలి, లేదా "సిద్ధాంతం, అనుభూతి తప్పనిసరి" అనాలి. అలా అన్నారంటే జాబితా పోయి మళ్లీ సూటి నిర్వచనం వచ్చేసింది. అది తప్పేం కాదు, కానీ చేసిన సంగతి రాసిపెట్టుకోండి. నేను ఆరు పెట్టుకుంటాను.

టైలర్ ప్రశ్నలకు ఇంకో పరీక్ష కూడా పెట్టండి: థేరవాద బౌద్ధం. దేవుళ్ల మీద ఆధారపడని మతం ఉందిగా అని డర్క్‌హైమ్ దీన్నే చూపించి ఆ పాత నిర్వచనాన్ని కాదన్నాడు. బుద్ధుడు మామూలు మనుషుల శక్తికి మించినవాడే కాబట్టి లెక్కకు వస్తాడని స్పైరో జవాబిచ్చాడు. మీరు ఎవరి పక్షమో ఇక్కడే తేల్చుకోండి. ఎందుకంటే అదే పట్టుసడలింపు రేపు ఎల్విస్‌కు కూడా ఇవ్వాల్సి రావచ్చు.

5. ఇప్పుడు అసలు కేసు

*టైలర్ కొలత: తీసివేసి చూడడం*

సెనోటాఫ్ దగ్గర బిషప్ దేవుణ్ని ప్రార్థిస్తాడు, కీర్తనలో దేవుడి పేరుంది. (అ) ప్రశ్నకు జవాబు అవును. చాలామంది ఇక్కడితో ఆపేసి "మతమే" అని రాసేస్తారు. కానీ మనం అడుగుతున్నది కార్యక్రమంలో మతం ఉందా అని కాదు, కార్యక్రమమే మతమా అని. అందుకే (ఆ).

బిషప్‌ను తీసేసి చూడండి. ఏం మిగిలింది? మౌనం, ఫిరంగి, పూలచక్రాలు, నడక. ఇది సంస్మరణగా నిలుస్తుందా? నిలుస్తుందనడానికి ఆధారం ఉంది. 1919 నవంబర్ 11న మొట్టమొదటిసారి మౌనం పాటించమని అయిదో జార్జ్ రాజు కోరినప్పుడు, రాకపోకలు ఆపి మృతులను తలచుకోమన్నాడు. ఆ పిలుపు నడిబొడ్డున ఉన్నది నిశ్చలంగా నిలబడడమే. నేటికీ నవంబర్ 11న ఆఫీసుల్లో, స్టేషన్లలో బిషప్ లేకుండానే జనం రెండు నిమిషాలు ఆగుతారు. పైగా 2018 నుంచి దేవుణ్ని నమ్మని మానవతావాదుల ప్రతినిధి కూడా ఇతర మతాల ప్రతినిధులతోపాటు అధికారికంగా నిలబడుతున్నాడు. అదే విధంగా మౌనాన్ని తీసేసి చూడండి, ప్రార్థన ఒక్కటే మిగిల్చి. అది మామూలు చర్చి కార్యక్రమం అయిపోతుంది, సంస్మరణ కాదు. కాబట్టి టైలర్ ప్రకారం: లోపల మతం ఉంది, కార్యక్రమం మాత్రం మతం కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పౌర మతం, అంటే సివిల్ రిలిజియన్, అన్న మాట చదివినవాళ్లు బెల్లాను తీసుకొచ్చి ఇక్కడ అతికిస్తారు. సమాజశాస్త్రవేత్త బెల్లా 1967లో అమెరికా గురించి రాశాడు. 1961లో కెన్నెడీ ప్రమాణస్వీకార ప్రసంగంలో దేవుడి ప్రస్తావన మూడుచోట్ల వస్తుంది, క్రీస్తు ప్రస్తావన ఒక్కసారి కూడా రాదు. ఆ దేవుడు ఏ చర్చికీ చెందడు, దేశానికి చెందుతాడు, కాబట్టి అక్కడ చర్చిలకు పక్కన విడిగా మరో మతం నడుస్తోందన్నది ఆయన వాదన. ఆ వాదనకు ప్రాణం "విడిగా" అన్న మాటలోనే ఉంది. లండన్‌లో పూలచక్రం ఉంచే రాజే ఇంగ్లండ్ చర్చికి అధిపతి. ప్రార్థన చేసేది ఆ చర్చి బిషప్పే. విడిగా ఉన్న దేశపు దేవుడు అక్కడ కనబడడు. కట్టడం మీద శిలువ లేకపోవడం ఒక్కటే ఆ దిశగా ఉన్న బలమైన ఆధారం. కార్యక్రమం ఒక మాట చెబుతోంది, రాయి ఇంకో మాట చెబుతోంది. నాకైతే ఈ కేసులో అన్నిటికన్నా ఆసక్తికరం ఇదే. మీరు పరిశీలించే కార్యక్రమంలో కూడా వస్తువు చెప్పేదీ, మాటలు చెప్పేదీ ఒకటేనా అని చూడండి.

గ్రేస్‌లాండ్‌కు ఇదే కొలత పెడితే జవాబు త్వరగా వస్తుంది. కాగితాల మీద "ఎల్విస్" అని పిలిచి రాసేవాళ్లు ఉంటారు. చనిపోయిన నాన్నకు ఉత్తరం రాసుకునేవాళ్లూ ఉంటారు. పిలవడం వేరు, అతను విని ఏదో చేస్తాడని ఆశించడం వేరు. ఆశించేవాళ్లు కొందరుండొచ్చు గానీ, ఆ నమ్మకం లేనివాళ్లు కూడా అదే వరుసలో, అదే కొవ్వొత్తితో నడుస్తారు. టైలర్ ప్రకారం కాదు.

*డర్క్‌హైమ్ కొలత: అతిక్రమించి చూడడం*

వేరుచేసి కాపాడుతున్నది ఏదో తెలియాలంటే, ఎవరైనా దాన్ని అతిక్రమించినప్పుడు ఏమైందో వెతకండి. మీరు అతిక్రమించక్కర్లేదు, పత్రికలు చాలు.

2010 డిసెంబర్‌లో ఫీజుల పెంపుపై లండన్‌లో విద్యార్థుల నిరసన జరిగింది. ఒక యువకుడు సెనోటాఫ్ మీది జెండా పట్టుకుని ఊగాడు. ఆ ఫొటో రేపిన కోపం చూస్తే, అది వస్తువు పాడైనందుకు వచ్చే కోపం కాదని తెలుస్తుంది. అది సెనోటాఫ్ అని తనకు తెలియలేదని అతను క్షమాపణ చెప్పుకున్నాడు. బస్‌స్టాప్ కప్పు పట్టుకుని ఊగినవాడెవడూ అలాంటి క్షమాపణ చెప్పడు. (అ) ప్రశ్నకు అవును. అయితే అతనికి పడ్డ జైలుశిక్షను మాత్రం ఆధారంగా వాడకండి. అది ఆ రోజు అల్లర్లలో పాల్గొన్నందుకు పడింది, జెండా పట్టుకున్నందుకు కాదు. జనం కోపం ఒక ఆధారం, కోర్టు తీర్పు వేరే ఆధారం. రెండింటినీ కలిపేస్తే కేసు మరీ బలంగా కనబడుతుంది.

(ఆ)కు వెతుక్కోనక్కర్లేదు. ఎప్పుడు కదలకూడదో ఫిరంగే చెబుతుంది.

(ఇ) దగ్గర ఆగండి. ఫుట్‌బాల్ ఆటగాడు జేమ్స్ మెక్లీన్ ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీవాడు. 1972లో ఆ ఊళ్లో బ్రిటిష్ సైనికులు పౌరులపై కాల్పులు జరిపారు. అందుకే సంస్మరణ గుర్తుగా చొక్కా మీద పెట్టుకునే గసగసాల పువ్వు తాను పెట్టుకోనన్నాడు. తనను ఎన్నడూ చూడనివాళ్లు కూడా ఏళ్ల తరబడి స్టేడియాల్లో అతన్ని గేలిచేశారు. పువ్వు పెట్టుకోవాలని చట్టం లేదు. అయినా పెట్టుకోకపోతే జవాబు చెప్పుకోవాలి. మరోవైపు 1933 నుంచి తెల్ల గసగసాల పువ్వు పెట్టుకునేవాళ్లు ఉన్నారు. సహకార మహిళా సంఘం శాంతి కోసం మొదలుపెట్టింది. వాళ్లు సంస్మరణను వదులుకోలేదు, ఎలా తలచుకోవాలన్న దానిమీద చీలిపోయారు. ఒకే వస్తువు చుట్టూ ఇలాంటి చీలిక పుట్టిందంటే నైతిక సమూహం ఉన్నట్టే. డర్క్‌హైమ్ ప్రకారం అవును.

గ్రేస్‌లాండ్‌లో సమాధి దగ్గర వేషాలు వేయకూడదన్న పట్టింపు వచ్చినవాళ్లలో చాలామందికి ఉంటుంది, వరుస నియమాలు ఉన్నాయి. అభిమాన సంఘాలు అతని పేరున దానధర్మాలు చేస్తాయి, సభ్యులు ఏళ్ల తరబడి ఒకరి కష్టసుఖాలు ఒకరు చూసుకుంటారు. వచ్చినవాళ్లలో సంఘాలవాళ్లకు (ఇ) కూడా వర్తిస్తుంది. టికెట్ కొనుక్కుని ఒక్క రాత్రికి వచ్చిన పర్యాటకుడికి వర్తించదు. అందుకే జవాబు కూడా విడగొట్టి రాయాలి: లోపలి సమూహానికి అవును, గుంపు మొత్తానికి కాదు.

ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. ఒకటి, "అక్కడ సావనీర్ల దుకాణాలున్నాయి, కాబట్టి మతం కాదు" అనడం. యాత్రాస్థలాలన్నీ దుకాణాలతోనే నిండి ఉంటాయి. అమ్మకం దేన్నీ రుజువు చేయదు. రెండోది మరీ మోసపుచ్చేది. "అభిమానం మానేస్తే ఎవరూ అడగరు, సంస్మరణ మానేస్తే దేశమంతా అడుగుతుంది, కాబట్టి రెండోదే మతం" అనిపిస్తుంది. ఆ వాక్యం నిజమే కావచ్చు, కానీ అది చూపించేది రాజ్యానికీ ఐచ్ఛిక సంఘానికీ ఉన్న తేడాను. ఇష్టముంటే చేరి, ఇష్టం లేకపోతే వెళ్లిపోగల చర్చిలు ఎన్ని లేవు? బలవంతం డర్క్‌హైమ్ ప్రశ్నల్లో ఎక్కడా లేదు. దాన్ని మధ్యలో మీరు చేర్చారంటే నిర్వచనం మార్చేసినట్టే.

*స్మార్ట్ జాబితా*

త్వరగా ముగించొచ్చు. సెనోటాఫ్‌కు ఆచారం, కథ, అనుభూతి, నీతి, సంస్థ, వస్తువులు ఉన్నాయి. సిద్ధాంతం దగ్గర తడబడుతుంది. ఆరు, అంటే గీత మీద ఉంది. గ్రేస్‌లాండ్‌కు సిద్ధాంతం లేదు, నీతి పలచన, ఐదు. ఒక్క అంకె తేడాతో ఒకటి లోపల, ఒకటి బయట. ఇలా గీత మీదికి వచ్చిన ఫలితాన్ని ఫలితంగా చెప్పకండి. "తేలలేదు" అని రాయండి.

6. వాళ్లు ఏమంటారో విడిగా రాయండి

పాల్గొనేవాళ్ల మాట పైమూడు కొలతల్లో ఎక్కడా లేదు. ఉద్దేశపూర్వకంగానే లేదు. ఎల్విస్ అభిమానుల్లో చాలామంది "ఇది మతం కాదు, మా మతం మాకుంది" అంటారు. దీనికి తలకిందులుగా, అర్జెంటీనాలోని రొసారియోలో 1998లో కొందరు ఫుట్‌బాల్ అభిమానులు మారడోనా పేరుతో చర్చి పెట్టారు. అతను పుట్టిన 1960 నుంచి సంవత్సరాలు లెక్కపెడతారు, పది ఆజ్ఞలున్నాయి. వాళ్లే చర్చి అన్నారు కాబట్టి మతమనలేం, నవ్వుతూ చేశారు కాబట్టి కాదనీ అనలేం.

కానీ ఒక సందర్భంలో వాళ్ల మాటే అన్నిటికన్నా ముఖ్యం. అది, ఒప్పుకోని మనిషి మాట. కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ వర్గపు కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జనగణమన పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడ్డారు, పాడలేదు. తమ దేవుణ్ని తప్ప ఇంకెవరినీ అలా కీర్తించకూడదన్నది వాళ్ల నమ్మకం. 1985లో బడినుంచి పంపేశారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది, తీర్పు రాసింది జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి. జాతీయ గీతం మతమా కాదా అన్నది కోర్టు తేల్చలేదు, తేల్చాల్సిన అవసరమూ రాలేదు. ఆ పిల్లల నమ్మకం నిజాయితీగా ఉన్నదేనా అని చూసింది. అమెరికా సుప్రీంకోర్టు ముందుకు 1943లో జెండా వందనం విషయంలో వచ్చినదీ ఇదే వర్గం వాళ్ల కేసే.

మీ కాగితం మీద "పాల్గొనేవాళ్లు ఏమంటారు", "తప్పుకునేవాళ్లు ఏమంటారు" అని రెండు గడులు పెట్టండి. రెండో గడి ఖాళీగా ఉందంటే మీరింకా సరిగ్గా వెతకలేదు.

7. తీర్పు రాసే తీరు

ఈ అచ్చులో రాయండి: ఏ నిర్వచనం, ఎవరి విషయంలో, ఏ ప్రశ్న దగ్గర తేలింది. మన కేసుకు ఇలా వస్తుంది:

"సెనోటాఫ్ సంస్మరణ డర్క్‌హైమ్ ప్రకారం మతం. అతిక్రమణ, చీలిక రెండూ దానికి ఆధారం. టైలర్ ప్రకారం కాదు. ప్రార్థన తీసేసినా కార్యక్రమం నిలుస్తుంది. స్మార్ట్ జాబితాతో తేలలేదు. గ్రేస్‌లాండ్ జాగరణ డర్క్‌హైమ్ ప్రకారం అభిమాన సంఘాల మేరకు మతం, మిగతావాళ్లకు కాదు. టైలర్ ప్రకారం కాదు. బెల్లా చెప్పిన పౌర మతం అన్న పేరు లండన్‌కు పూర్తిగా అతకదు, ఎందుకంటే అక్కడ చర్చికీ రాజ్యానికీ మధ్య ఆ దూరం లేదు."

"ఒక విధంగా మతమే అనవచ్చు" అన్న వాక్యం మీ తీర్పులో కనబడితే కొట్టేయండి. ఏ విధంగానో చెప్పడమే కదా మన పని.

8. సరిచూసుకోవడం

మూడు పరీక్షలు చాలు.

మార్చి చూడండి. మీకిష్టమైన దేశం స్థానంలో ఇష్టంలేని దేశాన్ని పెట్టండి, మీ అభిమాన తార స్థానంలో మీకు పడనివాణ్ని పెట్టండి. జవాబు మారిందంటే తేల్చింది నిర్వచనం కాదు, మీ ఇష్టాయిష్టాలు. అభిమానుల విషయంలో ఇది మరీ ఎక్కువగా జరుగుతుంది. మనకు నచ్చినవాడిదైతే "ప్రేమ", నచ్చనివాడిదైతే "మూఢభక్తి".

ముందుకు పోయి చూడండి. డర్క్‌హైమ్ ప్రకారం మతమన్నారు కదా, అయితే ఇంకేం కనబడాలి? ఎలా గౌరవించాలన్న తగాదాలు, అగౌరవం జరిగాక దాన్ని సరిదిద్దే పనులు, కొత్తతరానికి నేర్పే పద్ధతి. వాటిలో ఒక్కటి కూడా దొరక్కపోతే (అ) ప్రశ్నకు మరీ ఉదారంగా జవాబిచ్చారేమో మళ్లీ చూడండి.

ఇక ఆ నాలుగో వస్తువు, రెండో మనిషి. మీ వర్ణన, ప్రశ్నలు ఇవ్వండి. జవాబులు చూపించకండి. ఇద్దరికీ తేడా వస్తే ముందు వర్ణనలో వెతకండి, చాలావరకు ఏదో వివరం వదిలేసి ఉంటారు. వర్ణన సరిగ్గానే ఉంటే ప్రశ్నలో వెతకండి. "బాధ్యత" అంటే మీరు ఒకటి, అవతలివాళ్లు ఇంకోటి అనుకుని ఉంటారు. ఆ ప్రశ్నను తిరగరాసి, నాలుగో అడుగులోని చర్చి ఆరాధన, వాటాదారుల సమావేశం రెండింటిమీదా మళ్లీ ప్రయోగించి, అప్పుడే అసలు కేసుకు రండి. అయినా తేడా పోకపోతే ఇద్దరి జవాబులూ, ఏ ప్రశ్న దగ్గర విడిపోయారో ఆ నంబరుతో సహా, తీర్పు కింద రాసిపెట్టండి.